సరుకు వచ్చింది, బిల్లు రాలేదు

విజయవాడ ఆటోనగర్‌లో ఇనుప బీరువాలు చేసే ఒక షెడ్డు ఉందనుకుందాం. అక్టోబరు 30 సాయంత్రం హైదరాబాదు నుంచి రేకుల లారీ వచ్చింది. డ్రైవరు చేతిలో డెలివరీ చలానా ఉంది, దాని మీద 5,000 కిలోలని రాసి ఉంది. బిల్లు మాత్రం లేదు. ఈ వారం ఇనుము రేటు సర్దుకుంటోందనీ, రేటు తేలాక బిల్లు పంపుతామనీ పార్టీ ఫోనులో చెప్పింది. వేబ్రిడ్జిలో తూకం వేస్తే 4,950 కిలోలు తేలింది. స్టోర్ కీపరు ఆ బరువుతోనే జీఆర్‌ఎన్, అంటే సరుకు అందినట్టు రాసే చీటీ, రాసి రేకులను లోపల సర్దించాడు.

మర్నాడు నెలాఖరు. షెడ్డులో ఉన్న సరుకంతా లెక్కపెట్టారు. కొత్త రేకులు కళ్ళెదుటే ఉన్నాయి కాబట్టి అవీ స్టాకు జాబితాలోకి ఎక్కాయి. ఇటు ఆఫీసులో అకౌంటెంటు ఆ నెల బిల్లుల ఫైలు ముందేసుకుని కొనుగోళ్ల పద్దు పూర్తి చేశాడు. ఆ ఫైల్లో ఈ రేకుల బిల్లు లేదు, అందుకని కొనుగోళ్లలో ఈ రేకులూ లేవు. ఇద్దరూ తమ పని సరిగ్గానే చేశారు. అయినా ఆ నెల లాభం దాదాపు 3 లక్షల రూపాయలు తప్పుగా తేలుతుంది.

దీనికి కారణం మన చిన్న పరిశ్రమల్లో, దుకాణాల్లో లెక్క నడిచే పద్ధతిలోనే ఉంది. స్టాకు అంకె గోడౌన్ నుంచి వస్తుంది. కొనుగోళ్ల అంకె బిల్లుల ఫైలు నుంచి వస్తుంది. నెల మధ్యలో ఈ రెండూ ఒకదానికొకటి నాలుగు రోజులు అటూ ఇటూ అయినా ఎవరికీ నష్టం లేదు. నెలాఖరు రోజున మాత్రం రెండూ ఒకే సరుకు గురించి మాట్లాడాలి. గోడౌన్ లెక్కలో ఉన్న ప్రతి వస్తువుకూ ఇటు పుస్తకాల్లో కొనుగోలు కనిపించాలి. బిల్లు రాలేదన్న కారణంతో కొనుగోలు రాయడం మానేస్తే, ఆ రేకులు ఊరికే వచ్చిపడ్డట్టు లెక్క తేలుతుంది.

అంకెల్లో చూద్దాం. షెడ్డు అక్టోబరు అమ్మకాలు 20,00,000 రూపాయలు. నెల మొదట్లో ఉన్న స్టాకు 8,00,000. బిల్లులు చేతికొచ్చిన కొనుగోళ్లు 12,00,000. నెలాఖరు స్టాకు, కొత్త రేకులతో కలిపి, 9,00,000. కూలీలు, కరెంటు ప్రస్తుతానికి పక్కన పెడదాం. మొదటి స్టాకుకు కొనుగోళ్లు కలిపి, మిగిలిన స్టాకు తీసేస్తే వాడిన సరుకు విలువ 11,00,000. అమ్మకాల్లోంచి అది పోతే సరుకు మీద మిగులు 9,00,000, అంటే నూటికి 45.

ఇప్పుడు రాకపోయిన బిల్లును కూడా లెక్కలోకి తీసుకుందాం. ఆర్డరు కాగితంలో కిలో రేటు 60 రూపాయలు. అందింది 4,950 కిలోలు. విలువ 2,97,000. కొనుగోళ్లు 14,97,000 అవుతాయి, వాడిన సరుకు విలువ 13,97,000 అవుతుంది, మిగులు 6,03,000కు దిగుతుంది. నూటికి 30. ఈ షెడ్డు అసలు మిగులు ఇదే.

తప్పు అక్టోబరుతో ఆగదు. నవంబరులోనూ 20,00,000 అమ్మకాలు, 13,00,000 కొత్త కొనుగోళ్లు జరిగాయనీ, నెలాఖరుకు 8,00,000 స్టాకు మిగిలిందనీ అనుకుందాం. సరైన లెక్కలో మిగులు 6,00,000, మళ్లీ నూటికి 30. కానీ అక్టోబరు రేకుల బిల్లు నవంబరులో చేరి ఆ నెల కొనుగోళ్లలో పడితే మిగులు 3,03,000కు పడిపోతుంది, నూటికి 15. ఒక నెల 45, మరుసటి నెల 15. యజమాని అక్టోబరులో సంతోషించి పండక్కి బోనసు పెంచుతాడు, నవంబరులో ఎక్కడ డబ్బు కారిపోతోందో తెలియక మేస్త్రీని నిలదీస్తాడు. రెండు నెలల్లోనూ వ్యాపారం ఒకేలా నడిచింది. నెలవారీ లాభం ఇలా ఎగుడుదిగుడుగా కనబడితే, అమ్మకాల వైపు వెతికే ముందు నెలాఖరు మూడు నాలుగు రోజుల్లో దిగిన సరుకుకు బిల్లులు ఎప్పుడు చేరాయో చూడడం మంచిది. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

"బిల్లే లేనప్పుడు ఎలా రాస్తామండీ?" అని అకౌంటెంట్లు అడిగే ప్రశ్న సబబైనదే. చేతిలో కాగితం లేకుండా ఏదీ రాయకూడదని వాళ్లకు నేర్పారు. కానీ ఇక్కడ కాగితాలు ఉన్నాయి. కొంటామని ఒప్పుకున్న ఆర్డరు ఉంది, వేబ్రిడ్జి చీటీ ఉంది, సరుకు తీసుకున్నామని సంతకం చేసిన చలానా ఉంది, జీఆర్‌ఎన్ ఉంది. సరుకు మనదైంది, డబ్బు ఇవ్వాల్సిన బాధ్యత పుట్టింది. బిల్లు ఆ బాధ్యత ఎంతో చెప్పే కాగితం. అది ఆలస్యమైనంత మాత్రాన బాధ్యత ఆలస్యంగా పుట్టదు. కాబట్టి అక్టోబరు 31 తేదీతో, ఉన్న ఆధారాల మీద, ఒక ప్రొవిజన్ ఎంట్రీ రాయాలి.

కొనుగోళ్ల ఖాతా డెబిట్: 2,97,000
బిల్లు రావలసిన కొనుగోళ్ల ఖాతా క్రెడిట్: 2,97,000

రెండో వైపు పార్టీ పేరు రాయకుండా విడిగా ఒక ఖాతా పెట్టడం వెనక కారణం ఉంది. పార్టీ ఖాతాలో ఉన్నది పార్టీ పంపిన బిల్లులతో సరిపోలాలి. మనం అంచనాగా రాసిన అంకె అందులో కలిస్తే రేపు పార్టీ పంపే ఖాతా నకలుతో మన లెక్క కుదరదు. విడి ఖాతా ఉంటే నెలాఖరున దాని నిల్వ చూడగానే బిల్లు రావలసిన సరుకు మొత్తం ఎంతో తెలిసిపోతుంది. ఆస్తి అప్పుల పట్టీలో ఇది అప్పుల వైపే, చెల్లించాల్సిన వాటితో పాటే నిలుస్తుంది.

స్టాకు వైపు ఇంకో ఎంట్రీ ఉంటుంది. ఏడాదికో నెలకో ఒకసారి లెక్కపెట్టి స్టాకు తేల్చే వ్యాపారాల్లో, లెక్క తేలిన మొత్తం 9,00,000ను ముగింపు స్టాకు ఖాతాకు డెబిట్ చేసి ట్రేడింగ్ ఖాతాకు క్రెడిట్ ఇస్తారు. రేకుల 2,97,000 ఆ 9,00,000లో ఇప్పటికే ఉంది. అందుకని పైన చెప్పిన కొనుగోలు ఎంట్రీ పడితే రెండు వైపులా సరిపోయినట్టే, స్టాకుకు మళ్లీ విడిగా ఏమీ కలపకూడదు. ఉత్సాహం కొద్దీ స్టాకులో ఇంకో 2,97,000 కలిపేస్తే వెనకటి తప్పు తిరిగి వస్తుంది. వచ్చిన ప్రతి సరుకునూ అప్పటికప్పుడు స్టాకు ఖాతాలోకే ఎక్కించే పద్ధతి నడిపే పెద్ద కంపెనీల్లో కొనుగోళ్ల ఖాతా ప్రసక్తి లేదు. అక్కడ స్టాకు ఖాతా డెబిట్, బిల్లు రావలసిన ఖాతా క్రెడిట్, ఒక్క ఎంట్రీతో సరి. శాప్ వాడే చోట జీఆర్‌ఎన్ వేసిన క్షణాన ఈ ఎంట్రీ దానంతట అదే పడుతుంది. తెర మీద GR/IR పేరుతో కనిపించే ఖాతా ఇదే. ట్యాలీలో సరుకు అందినప్పుడు Receipt Note వేస్తారు. అది స్టాకు వోచరు, పార్టీకి ఇవ్వాల్సిన బాకీని అది రాయదు. సరుకు వచ్చి బిల్లు రానివి Purchase Bills Pending అనే నివేదికలో కనిపిస్తాయి. నెలాఖరున ఆ నివేదిక తీసి, అందులోని మొత్తం మీ లాభనష్టాల పట్టీలోకి, అప్పుల్లోకి చేరిందో లేదో అంకెకు అంకె సరిచూసుకోవాలి.

ఎంట్రీ రాయడం రెండు నిమిషాల పని. అసలు శ్రమ అంకె తేల్చడంలో ఉంది. బరువు దగ్గర సందేహం అక్కర్లేదు. చలానాలో 5,000 ఉన్నా మనకు అందింది 4,950, మన బాధ్యత అందినంత వరకే. నాణ్యత బాగాలేక తుప్పు పట్టిన రేకులేవైనా పక్కన పెట్టి తిప్పి పంపుతుంటే వాటినీ ఇటు స్టాకులోనూ అటు ప్రొవిజన్‌లోనూ తీసేయాలి. రేటు దగ్గర ఆర్డరు కాగితం మొదటి ఆధారం. ఆర్డరు నోటిమాటగా జరిగితే, అదే పార్టీ ఇంతకుముందు పంపిన బిల్లు రేటు చూడాలి. ఈ మధ్య రేటు మారిందని తెలిస్తే ఫోను చేసి కనుక్కుని, ఎవరితో ఎప్పుడు మాట్లాడామో ఎంట్రీ కిందే రాసిపెట్టుకోవాలి. అంచనా అన్నాక పదో పరకో తేడా రావడం సహజం, దాన్ని తర్వాత సర్దుకోవచ్చు. తేడా వస్తుందేమోనన్న భయంతో అసలు రాయకపోతే తేడా 2,97,000 అవుతుంది.

లారీ కిరాయి ఎవరిదో కూడా చూడాలి. ధర మన షెడ్డుకు చేర్చేవరకూ అయితే ఇంకేమీ కలపక్కర్లేదు. పార్టీ గోడౌన్ దగ్గరి రేటైతే కిరాయి మనది. సరుకును షెడ్డుకు చేర్చడానికి అయిన ఖర్చు సరుకు ఖరీదులో భాగమే కాబట్టి, ట్రాన్స్‌పోర్టు బిల్లు కూడా రాకపోయి ఉంటే దానికీ ప్రొవిజన్ రాసి స్టాకు విలువలో కలపాలి. మన ఉదాహరణలో ధర షెడ్డు వరకూ అనుకుందాం.

జీఎస్టీ దగ్గర చాలామంది తడబడతారు. రేకుల మీద జీఎస్టీ నూటికి 18. ప్రొవిజన్ ఎంట్రీలో ఆ పన్ను రాయాలా? మన షెడ్డు ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకునేదే కాబట్టి అది సరుకు ఖరీదులో భాగం కాదు, స్టాకు విలువలో కలవదు. క్రెడిట్ తీసుకోవడానికి కావాల్సిన షరతుల్లో పన్ను బిల్లు చేతిలో ఉండడం ఒకటి, సరుకు అందడం ఒకటి, ఆ బిల్లు మన జీఎస్‌టీఆర్-2బీలో కనిపించడం ఒకటి. అక్టోబరు 31 నాటికి బిల్లే లేదు. అందుకని ఇన్‌పుట్ పన్ను ఖాతాను ముట్టుకోకూడదు, రిటర్నులో ఈ సరుకు మీద క్రెడిట్ అడగకూడదు. ప్రొవిజన్ పన్ను లేకుండా, సరుకు విలువ మేరకే. కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న వ్యాపారి సంగతి వేరు. ఆయనకు క్రెడిట్ రాదు, కట్టిన పన్ను ఖరీదులో కలిసిపోతుంది. ఆయన మాత్రం పన్నుతో సహా ప్రొవిజన్ రాసుకోవాలి.

అసలు బిల్లు లేకుండా సరుకు కదలొచ్చా అన్న సందేహం వస్తుంది. జీఎస్టీ చట్టం ప్రకారం సరుకు పంపేముందు లేదా పంపేటప్పుడే బిల్లు రాయాలి, అది సాధారణ నియమం. అమ్మకానికి పంపే సరుకుకు ఆ సమయంలో బిల్లు రాయడం కుదరకపోతే డెలివరీ చలానా మీద పంపి, సరుకు అందాక బిల్లు ఇవ్వడానికి 55వ నిబంధనలో చోటుంది. కానీ బయట జరిగేది చూస్తే, ఆలస్యం ఎక్కువగా పార్టీ రాయకపోవడం వల్ల కాదు, రాసిన బిల్లు సరైన బల్ల మీదకు చేరకపోవడం వల్ల. డ్రైవరు ఇచ్చిన కవరు గేటు దగ్గరి సొరుగులో ఉండిపోతుంది. బిల్లు హైదరాబాదు ఆఫీసు ఈమెయిలుకు వెళ్తుంది, సరుకు విజయవాడలో దిగుతుంది. జీఎస్టీ నంబరులో ఒక అంకె తప్పుందని తిప్పి పంపిన బిల్లు మళ్లీ రావడానికి పది రోజులు పడుతుంది. కారణం ఏదైనా నెలాఖరు లెక్కకు తేడా లేదు. కవరు సొరుగులో ఉందని తెలిస్తే మాత్రం ప్రొవిజన్‌తో పనిలేదు, బిల్లునే అక్టోబరులో రాసేయొచ్చు. అందుకే ప్రొవిజన్ రాసేముందు గేటు దగ్గరా స్టోరులోనూ ఒకసారి అడగడం అలవాటు చేసుకోవాలి.

ఇక నవంబరుకు వద్దాం. అక్టోబరు పుస్తకాలు మూసేశాం. నవంబరు 1న, ముందు రోజు రాసిన ఎంట్రీని తిరగేసి రాయడం ఎక్కువమంది పాటించే పద్ధతి.

బిల్లు రావలసిన కొనుగోళ్ల ఖాతా డెబిట్: 2,97,000
కొనుగోళ్ల ఖాతా క్రెడిట్: 2,97,000

దీంతో నవంబరు కొనుగోళ్లు తాత్కాలికంగా 2,97,000 మైనస్‌లో మొదలవుతాయి. అది చూసి కంగారు పడక్కర్లేదు. నవంబరు 6న బిల్లు వచ్చింది. పార్టీ 5,000 కిలోలకు, కిలో 61 రూపాయల చొప్పున 3,05,000 వేసింది. సరుకు తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది కాబట్టి ఐజీఎస్టీ 54,900. బిల్లు మొత్తం 3,59,900. అకౌంటెంటు దాన్ని మామూలు కొనుగోలు బిల్లులాగే రాస్తాడు. కొనుగోళ్లు 3,05,000, ఐజీఎస్టీ ఇన్‌పుట్ 54,900 డెబిట్, పార్టీ ఖాతాకు 3,59,900 క్రెడిట్. తిరగేసిన ఎంట్రీ ముందే ఉండడం వల్ల నవంబరు కొనుగోళ్లకు నికరంగా పడింది 8,000 మాత్రమే.

ఆ 8,000 ఎక్కడిదో విడదీసి చూడకుండా బిల్లు మీద సంతకం పెట్టకూడదు. అందులో రెండు తేడాలున్నాయి. అందని 50 కిలోలకు 61 చొప్పున 3,050. అందిన 4,950 కిలోల మీద కిలోకు రూపాయి చొప్పున 4,950. రెండూ కలిపితే 8,000. బరువు తేడా మనం భరించాల్సింది కాదు. వేబ్రిడ్జి చీటీ చూపించి పార్టీ దగ్గర క్రెడిట్ నోటు అడగాలి. సరుకు విలువ 3,050, దాని మీద పన్ను 549, మొత్తం 3,599 తగ్గుతుంది. క్రెడిట్ నోటు వచ్చాక మన ఇన్‌పుట్ క్రెడిట్‌లోంచి ఆ 549 తగ్గించుకోవాలి, చెల్లించాల్సింది 3,56,301 అవుతుంది. రేటు తేడా వేరే కథ. రేటు తర్వాత తేలుతుందని ముందే ఒప్పుకున్నాం కాబట్టి 61 న్యాయమే. ఆర్డరులో 60 అని ఖరారై ఉంటే దాన్నీ వెనక్కి అడగాల్సిందే. ప్రొవిజన్ రాసే అలవాటు లేని ఆఫీసుల్లో ఈ తేడాలు ఎవరి కంటా పడవు. వచ్చిన బిల్లును పోల్చి చూడడానికి వాళ్ల దగ్గర ముందుగా రాసుకున్న అంకె ఉండదు మరి. నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఇదే.

రేటు తేడా 4,950 ఏ నెలది? నవంబరుదే. నవంబరులో ఆ రేకుల్లో 3,000 కిలోలు బీరువాలకు వాడేశారనుకుంటే 3,000 రూపాయలు ఆ నెల ఖర్చులోకి పోతాయి, షెడ్డులో మిగిలిన 1,950 కిలోల విలువ 61 రూపాయల మీద లెక్కకట్టడం వల్ల 1,950 స్టాకులో ఉంటాయి. ఇంత చిన్న తేడా కోసం మూసేసిన అక్టోబరును మళ్లీ తెరవరు. మార్చి 31 అయితే మాత్రం ఆగి ఆలోచించాలి. ఏడాది లెక్కలు ఏప్రిల్, మే నెలల్లో ఇంకా తయారవుతూనే ఉంటాయి. ఈలోగా బిల్లు వచ్చి అసలు రేటు తేలిపోతే, మార్చి 31 నాటి బాధ్యత ఎంతో అది కచ్చితంగా చెప్పినట్టే. కాబట్టి అంచనాను సరిదిద్ది అసలు అంకెనే ఆ ఏడాది లెక్కల్లో పెట్టాలి.

లాభం తప్పితే తప్పింది, రెండు నెలలు కలిపి చూస్తే సరిపోతుంది కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లుంటారు. బ్యాంకులో సీసీ ఖాతా ఉన్నవాళ్లు అలా అనుకోవడం ప్రమాదం. నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ చూసి బ్యాంకు డ్రాయింగ్ పవర్ కడుతుంది. స్టాకులోంచి ఇంకా డబ్బు ఇవ్వని సరుకు విలువ తీసేసి, మిగిలినదానిలో మార్జిన్ తగ్గించి, అంతవరకే వాడుకోనిస్తుంది. మన షెడ్డు స్టాకు 9,00,000, బిల్లులు వచ్చి ఇవ్వాల్సిన బాకీలు 3,00,000, మార్జిన్ నూటికి 25 అనుకుందాం. రావలసిన బాకీలను పక్కన పెడితే 6,00,000లో 25 శాతం పోగా డ్రాయింగ్ పవర్ 4,50,000. కొత్త రేకుల బాకీ 2,97,000 కూడా చూపితే స్టాకులో నిజంగా మన డబ్బు పెట్టింది 3,03,000, డ్రాయింగ్ పవర్ 2,27,250. సగమైపోయింది. బిల్లు రాలేదని బాకీ చూపకుండా సరుకు మాత్రం చూపితే, పార్టీ డబ్బు మీద మనం బ్యాంకు డబ్బు తీసుకున్నట్టే. స్టాకు ఆడిట్‌కు వచ్చినవాళ్లు మొదట అడిగేవాటిలో నెలాఖరు జీఆర్‌ఎన్‌లూ మరుసటి నెల మొదటి వారం బిల్లులూ ఉంటాయి. రెండూ పక్కపక్కన పెడితే అయిదు నిమిషాల్లో విషయం బయటపడుతుంది.

సరుకు ఇచ్చింది చిన్న తయారీ సంస్థ అయి, ఉద్యమ్ నమోదు ఉంటే ఇంకో గడియారం కూడా నడుస్తుంది. ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం, ఒప్పందంలో గడువు ఎంత రాసుకున్నా, సరుకు స్వీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి. రాతపూర్వకంగా గడువు పెట్టుకోకపోతే 15 రోజులే. సరుకు అందిన తేదీయే మామూలుగా స్వీకరించిన తేదీ, బిల్లు తేదీ కాదు. బిల్లు నవంబరు 6న వచ్చిందని అక్కడి నుంచి 45 లెక్కపెట్టుకుంటే వారం తప్పిపోతుంది. గడువు దాటితే వడ్డీ ఒక బరువు, ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో మినహాయించుకునే హక్కు ఆగిపోవచ్చన్నది మరో బరువు. జీఆర్‌ఎన్ తేదీని ఖాతాలో నిలబెట్టే ప్రొవిజన్ ఎంట్రీ ఇక్కడా పనికొస్తుంది.

బిల్లు రాని సరుకును పట్టుకోవడానికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. నెలలో చివరి అయిదారు రోజుల గేటు రిజిస్టరు తీసుకుని, ప్రతి లారీకీ జీఆర్‌ఎన్ ఉందా, ప్రతి జీఆర్‌ఎన్‌కూ బిల్లు నంబరు పడిందా అని ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ పోతే చాలు. టిక్కు పడనివే ప్రొవిజన్ జాబితా. తర్వాత ఎదురు దిశలో, కొత్త నెల మొదటి పది రోజుల్లో వచ్చిన బిల్లులు తీసి వాటి మీది చలానా తేదీలు చూడాలి. సరుకు పాత నెలలో దిగి ఉంటే అది మన జాబితాలో ఉండాలి. బిల్లు ముందే వచ్చి సరుకు ఇంకా దారిలో ఉండే సందర్భమూ ఉంది. సరుకు పార్టీ గేటు దాటగానే మనదయ్యే ఒప్పందమైతే కొనుగోలు రాసి, స్టాకులో దారిలో ఉన్న సరుకుగా చూపాలి. మన గేటు దగ్గరే మనదయ్యేట్టయితే బిల్లు చేతిలో ఉన్నా ఆ నెలలో రాయకూడదు.

కాలం గడిచేకొద్దీ బిల్లు రావలసిన ఖాతా మీదే అసలు కన్ను వేయాలి. నవంబరు నెలాఖరున ఈ ఖాతాలో ఉన్న నిల్వ, ఆ రోజుకు బిల్లు రాని జీఆర్‌ఎన్‌ల జాబితా మొత్తంతో రూపాయికి రూపాయి కలవాలి. కలవకపోతే ఎక్కువసార్లు దొరికే కారణం ఒకటే. ఒకరు ప్రొవిజన్ రాశారు, దాన్ని తిరగేయడం మరిచిపోయారు, ఈలోగా ఇంకొకరు బిల్లును మామూలుగా రాసేశారు. అదే రేకులు రెండుసార్లు కొన్నట్టు పడ్డాయి. కొనుగోళ్లు 2,97,000 ఎక్కువ, లాభం అంత తక్కువ, బాకీ పడని ఒక అప్పు పుస్తకాల్లో. ఇది తనంతట తాను పోదు. పార్టీ ఎన్నటికీ ఆ డబ్బు అడగదు కాబట్టి ఎవరూ దాని ఊసెత్తరు, ఏడాది తర్వాత ఆ రేకులేవో కూడా ఎవరికీ గుర్తుండదు. తిరగేసే పద్ధతి కాకుండా, బిల్లు వచ్చినప్పుడే నేరుగా బిల్లు రావలసిన ఖాతాను డెబిట్ చేసి తీర్చేసే ఆఫీసులూ ఉన్నాయి. అక్కడ బిల్లు మీద జీఆర్‌ఎన్ నంబరు రాసి ఉండకపోతే ఇదే ఇబ్బంది వస్తుంది. ఏ పద్ధతైనా సరే, ఒక ఆఫీసులో ఒకటే నడవాలి.

మూడు నెలలు దాటినా బిల్లు రాని పద్దు కనిపిస్తే పార్టీకి ఉత్తరం రాసి వాళ్ల పుస్తకాల్లో మన ఖాతా నకలు తెప్పించుకోవాలి. అందులో ఆ బిల్లు ఉంటే మన దగ్గర పోయిందన్నమాట, నకలు తీసుకుని వెంటనే రాయాలి. జీఎస్టీ క్రెడిట్‌కు గడువుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30, లేదా వార్షిక రిటర్ను దాఖలు చేసిన రోజు, ఏది ముందైతే అది దాటితే ఆ 54,900 శాశ్వతంగా పోతుంది. పార్టీ నకలులో బిల్లు లేకపోతే వాళ్లే రాయడం మరిచారేమో అడగాలి, మన దగ్గరే రెండుసార్లు పడిందేమో పాత వోచర్లలో వెతకాలి. ఈ రెండూ చూడకుండా, ఎవరూ అడగడం లేదు కదా అని ఆ నిల్వను ఆదాయంలో కలిపేస్తే, నిజంగా ఇవ్వాల్సిన బాకీని లాభంగా చూపి దాని మీద పన్ను కూడా కట్టినట్టవుతుంది.